మొక్కుకున్న జుట్టు

మా నాన్నది బట్టతల. పెదనాన్నదీ, చిన్నాన్నదీ, తాతదీ కూడా బట్టతలే. కోడూరు పక్కన మా ఊళ్లో ఆదివారం ప్రార్థనకి మా మగవాళ్లు చాపల మీద వరసగా కూర్చుంటే వెనక ఉన్న ఆడవాళ్లకి నవ్వాగేది కాదు. మా అమ్మయితే కొంగు నోట్లో కుక్కుకునేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ వరస చివర నాకోసం ఒక చోటు ఖాళీగా ఉందని నాకు అప్పటికే తెలుసు.

నేను మగపిల్లాడిగా పుట్టాను. ఆడదాన్నని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మాలాంటి వాళ్లని ఇప్పుడు హిజ్రాలంటున్నారు, ట్రాన్స్‌జెండర్లంటున్నారు. అప్పట్లో జనం అనే మాటని ఇక్కడ రాసి ఈ కాగితాన్ని పాడుచేసుకోను. మీసం మొలిచే వయసులో నాన్న గుమ్మం బయటికి గెంటేస్తే, అక్కడా ఇక్కడా తిరిగి గుడివాడ చేరాను. స్టేషను వెనక సందులో ఒక పెంకుటింట్లో నాలాంటి వాళ్లు ముగ్గురుండేవాళ్లు. వాళ్లలో పెద్ద ఒకావిడ. ఆవిడ మాకు గురువు, మేం ఆవిడ చేలాలం, అంటే శిష్యులం. మా పద్ధతి ప్రకారం గురువు చెప్పిందే వేదం. నేను మాత్రం ఆవిడని అమ్మా అని పిలిచేదాన్ని.

మా పని బారసాలలకీ పెళ్లిళ్లకీ వెళ్లి పాడి, పిల్లల్ని దీవించి రావడం. దానికి జడ కావాలి. సొంత జడ ఉన్నదానికి ఇంట్లో ఒక గౌరవం, లేనిదానికి సవరం. అమ్మకి మోకాలిదాకా సవరముండేది, తలమీద ఎప్పుడూ కొంగు. ఆ కొంగు జారగా నేనెప్పుడూ చూడలేదు. ఇంకో పద్ధతి కూడా ఉంది. పెద్ద తప్పు చేసినదాన్ని వెళ్లగొట్టేటప్పుడు జుట్టు గొరిగి పంపుతారు. గుండుతో ఉన్న హిజ్రాని ఏ ఇంటివాళ్లూ లోపలికి రానివ్వరు.

నాకు ఇరవై దాటాక నుదుటికి రెండుపక్కలా జుట్టు వెనక్కి జరగడం మొదలైంది. అద్దంలో మా నాన్న నుదురు కనపడేది. పాపిడి మార్చాను, ముంగురులు తీశాను, మందారాకు నూరి పట్టించాను. మా ఇంట్లో ఒకతి, మా అందరిలోకీ నోరున్నది, "ఏమే, మీ నాన్న వస్తున్నాడే గుమ్మంలోకి" అనేది. దాని జుట్టు మాత్రం గుర్రం తోకంత ఉండేది. ఆ మాటకి దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మాత్రల సంగతి నాకు తెలిసిన తీరు చెబితే నవ్వుతారు. పెదపారుపూడి వైపు ఒక రైతుగారింట్లో మనవడు పుడితే పాడడానికి వెళ్లాం. అరుగుమీద ముసలాయన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆయన భార్య మాతో వేళాకోళమాడుతూ, "మా ఆయన్ని కూడా మీలో కలుపుకోండే. మూత్రం బిగిసిపోయే జబ్బుకి బందరు డాక్టరు ఏవో మాత్రలిచ్చాడు. రొమ్ములొచ్చినయ్యి. మంగలాడు గడ్డం గియ్యడానికి వారం వారం రానక్కర్లేదంటున్నాడు" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ ముసలాయన కూడా నవ్వాడు. నేను ఆ మాత్రలిచ్చిన డాక్టరు ఎక్కడుంటాడో అడిగి తెలుసుకుని మరీ లేచాను.

బందరులో ఆయనది మేడకింద ఆసుపత్రి. పెద్దాసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. ముక్కుపొడి పీలుస్తూ నేను చెప్పిందంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. చాలాసేపు కిటికీలోంచి చూశాడు.

"ఆ మాత్రలు ఆడవాళ్ల ఒంట్లో ఊరే రసంలాంటివి. నీ ఒంట్లో మగ రసాన్ని అణుస్తాయి. ఇంతవరకు నాకు తెలుసు. నీలాంటి మనిషికి ఎప్పుడూ ఇవ్వలేదు" అన్నాడు.

"బట్టతల ఆగుద్దాండీ?"

"అది మగ రసం వల్ల, వంశం వల్ల వస్తుంది. ఆ రసం తగ్గితే ఆగాలి. పోయినదంతా తిరిగి రాదు. ఈమధ్య సన్నబడినవి కొన్ని మళ్లీ బలపడొచ్చు. మాటివ్వను."

"గడ్డమో?"

"పుట్టిన గడ్డం పోదమ్మా. నెమ్మదిస్తుంది, కాస్త మెత్తబడుతుందేమో. పోవాలంటే మద్రాసులో ఒక్కో కుదురులోకీ సూది పెట్టి కరెంటుతో కాలుస్తారు. ఏళ్లు పడుతుంది, మచ్చలు పడొచ్చు." నా గడ్డంమీది పొక్కుల్ని వేలితో తడిమి, "ఇవేమిటి?" అన్నాడు.

మేం గడ్డం గీసుకోకూడదు. చిమటా అని చిన్న పట్టకారు, దాంతో ఒక్కో వెంట్రుకా పీక్కోవాలి. గీస్తే ముళ్లలా ఒత్తుగా మొలుస్తుందని మా పెద్దలు చెప్పారు. ఆ మాటే చెప్పాను.

"గీస్తే ఒత్తుగా రాదు. కత్తి పైనున్నదాన్నే కోస్తుంది, చర్మం కిందున్న కుదురుకి ఆ సంగతి తెలియదు. మొన తెగింది కాబట్టి గరుకుగా తగులుతుంది, అంతే. పీకితే లోపలే వంకర తిరిగి చీము పడుతుంది" అని వేణ్ణీళ్ల గుడ్డ పెట్టమన్నాడు. చివరికి గొంతు పెంచి చెప్పాడు. "ఒక కాలే వాచినా, పిక్క నొప్పిచేసినా, గుండెలో పొడిచినా, ఆయాసమొచ్చినా మాత్రలు ఆపి వెంటనే రావాలి. రక్తం గడ్డకడుతుంది. తొందరగా గుణం కనపడాలని రెండేసి మింగావంటే నా గుమ్మం తొక్కొద్దు."

మొదట్లో వాంతులు. రొమ్ముల్లో సలుపు. అమ్మకి నచ్చలేదు కానీ వద్దనలేదు. కొన్ని నెలలకి చేతులమీద, కాళ్లమీద వెంట్రుకలు సన్నబడ్డాయి. గడ్డం ఆయన చెప్పినట్టే ఉండిపోయింది, దాంతో పోరు తప్పలేదు. నుదుటి పక్కల జుట్టు మాత్రం జరగడం మానేసింది. తర్వాత ఒకరోజు దువ్వుకుంటుంటే ఆ మూలల్లో పసిపిల్లల తలమీద ఉండేంత సన్నని నూగు వేలికి తగిలింది. నేను ఏడ్చాను. నోరున్నది వచ్చి వెలుతురులోకి తిప్పి చూసి, మొదటిసారి ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

ఆ ఏడు వానల్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. బతకదనుకున్నారట. మా ఇంట్లో కోడిపుంజు మీద కూర్చున్న మా హిజ్రాల అమ్మవారి పటముంది. అమ్మ దానిముందు సాగిలపడి, "పిల్ల బతికితే నీకు తలనీలాలిస్తానే తల్లీ" అని మొక్కుకుంది. నేను బతికాను. మందులు కూడా పనిచేశాయని నేను అన్నాను, క్రైస్తవుల ఇంట్లో పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుందని అమ్మ నవ్వింది. మొక్కు మాట అప్పుడెవరూ గట్టిగా ఎత్తలేదు.

కార్తీకం వచ్చేసరికి జుట్టు రాలడం మొదలైంది. ఇదివరకటిలా నుదుటి దగ్గర కాదు, తలంతా. తల దులిపితే ఒళ్లో పడేది. నీళ్లు పోసుకుంటే తూము మూసుకుపోయేది. అన్నంలో నా వెంట్రుక వచ్చిందని నోరున్నది కంచం తోసేసింది. జడ వేలంత అయింది. తలమీద చెయ్యి పెట్టడమే మానేశాను.

అమ్మ అందర్నీ కూర్చోబెట్టింది. "ఇది రెండిటివల్ల. ఒకటి ఆ డాక్టరు మాత్రలు. రెండోది తీరని మొక్కు. అమ్మవారు తనే తీసేసుకుంటంది" అంది. నా మాత్రల సీసా తీసుకుని తన పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"గుండు చేయించేస్తే పోద్దమ్మా," అంది నోరున్నది. "మొక్కూ తీరుద్ది, జుట్టూ ఒత్తుగా వస్తది. చంటిపిల్లలకి అందుకేగా చేయిస్తారు."

"గడ్డం గీస్తే ఒత్తుగా వస్తదని భయమా? తల గొరిగితే ఒత్తుగా వస్తదని ఆశా? ఏ కత్తి ఎక్కడేం చేస్తదో మీకే తెలవాలి" అని అరిచాను. గురువు ముందు అలా అరవకూడదు. అమ్మ ముఖం బిగుసుకుంది. వచ్చే పౌర్ణమికి కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం రేవులో తలనీలాలు, మాట తిరుగులేదు అంది.

నేను రానంటే గురువు మాట తోసిపుచ్చినట్టు. అలాంటిదాన్ని వెళ్లగొడతారు. వెళ్లగొట్టేటప్పుడు ఏం చేస్తారో ముందే రాశాను. వెళ్లినా గుండే, వెళ్లకపోయినా గుండే. జుట్టు లేకుండా నా ముఖమెవరిదో నాకు తెలుసు. ఎన్ని గాజులు వేసుకున్నా, చిలకలపూడి గిల్టు హారం ఎంత మెరిసినా, పైన మా నాన్న తలే ఉంటుంది. చావొచ్చినా అంత భయపడలేదు నేను. జ్వరంలో పోయి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను.

మాత్రలు ఆగి కొద్ది రోజులే అయినా నాకు ప్రతి ఉదయం గడ్డం ముదిరినట్టే అనిపించేది. నిజమో, భయమో తెలియదు. చివరికి అమ్మ కాళ్లు పట్టుకున్నాను. "ఒక్కసారి డాక్టరుగారి దగ్గరికి రా అమ్మా. నీ ఎదురుగానే అడుగుతాను. ఆయన మాత్రలే కారణమంటే నేనే కత్తి కింద కూర్చుంటాను."

"వస్తా. వాణ్ణి నాలుగు కడగాలి నేను" అంది.

ఇద్దరం బందరు రైలెక్కాం. ఆసుపత్రిలో బెంచీమీద ఉన్నవాళ్లు మమ్మల్ని చూసి జరిగారు. లోపలికి వెళ్లగానే అమ్మ చప్పట్లు చరిచి మొదలుపెట్టింది. "ఏవయ్యా డాక్టరూ, మా పిల్ల తల చూడు. నీ మాత్రలు దానికేం చేశాయో చూడు."

ఆయన కోపగించుకోలేదు. నన్ను వెలుతురుకి తిప్పి కూర్చోబెట్టి, చిన్న పాయ వేళ్లమధ్య పట్టుకుని మెల్లగా లాగాడు. చేతిలోకి వచ్చిన వెంట్రుకల్ని తెల్లకాగితం మీద పరిచి భూతద్దంతో చూశాడు. ఇంకోచోట, వెనక, పక్కన, అలాగే లాగాడు. కింది కనురెప్ప దించి చూశాడు.

"రెండు మూడు నెలల కిందట పెద్ద జబ్బేమైనా చేసిందా?"

"టైఫాయిడండీ. వానల్లో."

"అదీ సంగతి." కాగితం అమ్మవైపు తిప్పాడు. "చూడండి, ప్రతిదాని చివరా తెల్లగా చిన్న గుండుసూది తలంత బుడిపె ఉంది. ఇవి విశ్రాంతిలోకి పోయి రాలినవి. పెద్ద జ్వరం తగిలితే జుట్టు ఒక్కసారిగా ఎదగడం మానేస్తుంది. రెండు మూడు నెలలకి రాలుతుంది. కానుపయ్యాక ఆడవాళ్లకి రాలదూ? అలాంటిదే. కుదుళ్లు చావలేదు. తిరిగొస్తుంది. రక్తం తక్కువైంది, ఐరన్ టానిక్కు రాస్తాను. బలంగా తిననివ్వండి. ఆర్నెల్లు ఓపిక పట్టండి."

"మరి మాత్రలో?" అంది అమ్మ.

"మాత్రలు వేసుకుంటోందా?"

అమ్మే చెప్పింది. "నేనే ఆపాను."

డాక్టరుగారు మొదటిసారి విసుక్కున్నాడు. "జ్వరం తీసుకుపోయిన జుట్టుని జ్వరమే తిరిగిస్తుందండీ. మాత్రలు ఆపితే మగ రసం మళ్లీ మొదలవుతుంది, అది నుదుటిమీంచి తీసుకున్నది ఇక ఇవ్వదు. మీరు ఆపకూడనిది ఆపారు."

"గుండు చేయిస్తే ఒత్తుగా రాదా?"

"రాదు. చెడదు కూడా. ఎంత ఉంటే అంతే వస్తుంది. పసిపిల్లల మెత్తటి జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చే వయసులో గుండు చేయిస్తారు, ఆ పుణ్యం కత్తికి కడతారు."

అమ్మ లేచి తలుపు గడియ వేసింది. తిట్టడానికేమో అనుకున్నాను. కొంగు తీసింది. పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టింది. సవరం ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. ఇన్నేళ్లలో నేను చూడని తల చూశాను. నడినెత్తి నున్నగా మెరుస్తోంది. చెవులమీదుగా వెనక్కి ఒక పట్టీ, అంతే జుట్టు. దానికే ఆ మోకాటి జడ కట్టుకునేది.

"నాకూ పాతికేళ్లకే మొదలైంది," అంది. చప్పట్లు చరిచిన గొంతు కాదది. "మా గురువు గుండు చేయించింది, ఒత్తుగా వస్తదని. రెండుసార్లు చేయించింది. రాలేదు. నాకు అమ్మవారిమీద నమ్మకం చాలకే రాలేదంది. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆ నెత్తిని మర్యాదగా చూశాడు. "మీకు ఆపరేషనయిందా?"

"మగతనం తీసేసే నిర్వాణమా? అయింది. ముప్పయ్యయిదు దాటాక."

"తర్వాత ఈ బట్టతల పెరిగిందా?"

అమ్మ ఆలోచించింది. "లేదు. అక్కడే నిలబడిపోయింది."

"మగ రసం ఊరేది ఆగింది కాబట్టి. నమ్మకానికీ దీనికీ సంబంధం లేదమ్మా. మీవల్ల పోలేదు."

"ఇప్పుడు నాకా మాత్రలిస్తే?"

"రాదు. ఇన్నేళ్లు నున్నగా ఉన్నచోట ఏదీ మొలవదు. తైలాలమ్మేవాళ్లు మొలుస్తుందంటారు, నేననలేను. పైగా మీ కాళ్లమీద ఉబ్బిన నరాలు చూశాను, ఈ వయసులో ఆ మాత్రలు మీకు ప్రమాదం."

"పాతికేళ్లప్పుడే ఇచ్చి ఉంటే?"

ఆయన ముక్కుపొడి డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. "ఆ రోజుల్లో ఈ మాత్రలే లేవమ్మా" అన్నాడు. అమ్మ తలూపింది. సవరం నా చేతికిచ్చింది. నేను కట్టాను. అంతకుముందు ఆ తలని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు ఆవిడ.

ఇంటికి రాగానే పెట్టె తాళం తీసి సీసా నా చేతిలో పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మొక్కు సంగతి ఏమీ అనలేదు. నేను అడిగితే, "మొక్కు మొక్కే. అమ్మవారి బాకీ డాక్టరు కొట్టేస్తాడా?" అంది. గుండు చేయిస్తే జుట్టు చెడదని ఆయనే అన్నాడుగా అని నోరున్నది సంబరపడింది. ఆ మాట నిజమే. తిరిగొస్తుందని నాకు తెలుసు. కానీ వచ్చేదాకా నేనెవరిగా బతకాలి? అది ఏ డాక్టరూ చెప్పలేడు.

పౌర్ణమినాడు పొద్దున్నే బస్సెక్కాం. నలుగురం. నేను జడ వేసుకుని, మిగిలిన వెంట్రుకలన్నీ లెక్కన ఉండాలన్నట్టు నూనె రాసి అణిచాను. ఇదే ఆఖరిసారి అనుకున్నాను. పారిపోదామని కూడా చూశాను. బస్సు ఎక్కడాగినా కాళ్లు లేవలేదు. ఆవిడ నన్ను జ్వరంలో పక్కనుండి కాచింది. ఆ మనిషిని కాదని పోయి జుట్టు దాచుకుంటే, దాన్ని ఎవరికి చూపించుకోను?

రేవులో మంగలి రాయిమీద కత్తి నూరుతున్నాడు. మమ్మల్ని అనుమానంగా చూసి, "ఎవరికండీ?" అన్నాడు. నోరున్నది నన్ను భుజం పట్టి ముందుకి తోసింది. నేను మెట్టుమీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. తలమీద నీళ్లు పడతాయని ఎదురుచూశాను.

పడలేదు. కళ్లు తెరిచేసరికి అమ్మ నా పక్కన కూర్చుని ఉంది. కొంగు భుజాలమీదికి జారి ఉంది. సవరం విప్పి నా ఒళ్లో పెట్టింది. రేవులో స్నానాలు చేస్తున్న జనమంతా చూస్తున్నారు.

"అదేంటమ్మా! పిల్ల జుట్టుగా మొక్కుకుంది!" అంది నోరున్నది.

"పిల్ల బతికితే తలనీలాలిస్తానన్నాను" అంది అమ్మ. "ఇప్పిస్తానన్నానా?"

మంగలికి తల వంచింది. ఆవిడకున్నదల్లా చెవులమీది ఆ పట్టీ. కత్తి నాలుగు గీతలు గీసేసరికి అయిపోయింది. ఆవిడ కాళ్లమీద పడి ఏడ్చాను. లేవదీసి, "తలకి చెమ్మ తగలనీకు, జలుబు చేస్తది" అంది.

సవరం కట్టడానికి ఇక ఆధారమే లేదు. అమ్మ ఆ ఏడాదంతా గుండుతోనే తిరిగింది. ఆ తలమీద ఇక కొంగు కూడా కప్పుకోలేదు. ఏలూరు నుంచి మా పెద్దలు వచ్చి, నిన్నెవరు వెళ్లగొట్టారని అడిగారు. ఒకరిద్దరు ఆవిడ చేతి మంచినీళ్లు తాగలేదు. రైతుల ఇళ్లల్లో బారసాలలకి మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసేవాళ్లు. అమ్మ బయట అరుగుమీద కూర్చుని, "నా కూతురు పాడుద్ది, లోపలికి రానివ్వండి" అనేది. నేను జడ ముందుకి వేసుకుని లోపలికి వెళ్లి పాడేదాన్ని.